ఒకే బిల్లుకు రెండుసార్లు డబ్బు కోత పడితే ఏం చేయాలి?

తొలకరి రోజుల్లో నందిగామ, జగ్గయ్యపేట విత్తనాల దుకాణాల దగ్గర నోట్ల కట్టలు ఇప్పుడు తక్కువే కనిపిస్తున్నాయి. బల్ల మీద అంటించిన గళ్ల బొమ్మకు ఫోను చూపించి, అంకె కొట్టి, పిన్ను నొక్కితే పని అయిపోతోంది. అంతా సవ్యంగా జరిగితే ఇంతకంటే సుళువైన పద్ధతి లేదు. కానీ సిగ్నలు సరిగా లేని వేళ, బ్యాంకుల యంత్రాలు మొరాయించిన వేళ ఒకే సరుక్కు రెండుసార్లు డబ్బు పోతుంది. ఆ సమయంలో రైతు ఎవరిని అడగాలి? దుకాణందారునా, బ్యాంకునా? ఎన్ని రోజులు ఆగాలి? ఆలస్యమైతే పరిహారం ఏమైనా వస్తుందా? ఈ ప్రశ్నలకు సమాధానం తెలియక చాలామంది దుకాణానికీ బ్యాంకుకూ మధ్య తిరిగి తిరిగి, చివరికి విసిగి వదిలేస్తున్నారు. ఈ వారం ఆ సంగతి చూద్దాం.

ఒక ఉదాహరణ

విషయం తేలిగ్గా అర్థం కావడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. చందర్లపాడు వైపు నుంచి ఒక రైతు 2025 జూన్ 12, గురువారం నాడు నందిగామ వచ్చాడనుకోండి. ఐదెకరాల పత్తికి ఎకరాకు రెండు చొప్పున పది ప్యాకెట్లు కావాలి. ఆ ఏడు 475 గ్రాముల బీటీ-2 పత్తి విత్తనాల ప్యాకెట్టుకు కేంద్రం నిర్ణయించిన గరిష్ఠ ధర 901 రూపాయలు. పది ప్యాకెట్లకు 9,010 రూపాయలు అయింది. ఖాతాలో 24,600 రూపాయలు ఉన్నాయి.

రైతు ఫోనులో 9,010 కొట్టి పిన్ను నొక్కాడు. చక్రం తిరుగుతోంది, తిరుగుతోంది. దుకాణంలోని సౌండుబాక్సు పలకలేదు.

"బాబాయ్, నాకు పడలేదు. ఇంకోసారి కొట్టు" అన్నాడు కౌంటరు దగ్గరి కుర్రాడు.

"ఇక్కడ ఇంకా తిరగతానే ఉందయ్యా."

"సిగ్నలు లేక ఆగిపోయి ఉంటది బాబాయ్. వెనకాల జనం ఉన్నారు, కొట్టెయ్."

రెండోసారి కొట్టగానే సౌండుబాక్సు పలికింది. ప్యాకెట్లు సంచిలో వేసుకుని రైతు బస్సెక్కాడు. సాయంత్రం ఇంటికొచ్చి ఫోను చూసుకుంటే రెండు మెసేజీలు ఉన్నాయి. రెండింట్లోనూ 9,010 రూపాయలు ఖర్చయినట్టే ఉంది. ఖాతాలో మిగిలింది 6,580 రూపాయలు. సోమవారం, అంటే 16వ తేదీన, ట్రాక్టరు వాయిదా 7,500 రూపాయలు ఆ ఖాతా నుంచే కోసుకోవాలి. అసలు చిక్కు ఇక్కడుంది. పోయిన 9,010 ఎప్పటికో వస్తుంది. ఈలోగా వాయిదా తిరిగిపోతే అటు ఫైనాన్సు వాళ్ల జరిమానా, ఇటు బ్యాంకు రుసుము, పైగా రుణ చరిత్రలో మచ్చ.

డబ్బు ఎక్కడ ఆగుతుంది?

ముందు డబ్బు నడిచే దారి తెలుసుకోవాలి. యూపీఐలో పిన్ను నొక్కగానే మొదట మన బ్యాంకు మన ఖాతాలో డబ్బు తగ్గిస్తుంది. ఆ తర్వాతే "ఈ మొత్తం జమ చెయ్యండి" అని దుకాణందారు బ్యాంకుకు కబురు వెళుతుంది. మధ్యలో ఈ కబుర్లు చేరవేసేది జాతీయ చెల్లింపుల సంస్థ, అంటే ఎన్‌పీసీఐ. దుకాణందారు బ్యాంకు "జమ చేశాం" అని బదులిస్తే పని పూర్తయినట్టు. ఆ బదులు సకాలంలో రాకపోతే మన బ్యాంకు చేతిలో ఏమీ ఉండదు. డబ్బు అవతల జమ అయ్యిందో లేదో దానికే తెలియదు. అందుకే ఫోను మీద Pending అనో Processing అనో కనిపిస్తుంది. ఆ మాటకు డబ్బు పోయిందనీ అర్థం కాదు, పోలేదనీ అర్థం కాదు. ఇంకా తేలలేదని మాత్రమే అర్థం. తర్వాత రెండు బ్యాంకులూ లెక్కలు సరిచూసుకున్నప్పుడు అది తేలుతుంది. జమ అయి ఉంటే అలాగే నిలుస్తుంది, కాకపోతే వెనక్కి వస్తుంది.

ఇది ఏదో ఒక ఊళ్లో సిగ్నలు సమస్య మాత్రమే అనుకోకూడదు. 2025 ఏప్రిల్ 12, శనివారం నాడు దేశమంతటా యూపీఐ గంటల తరబడి తడబడింది. బ్యాంకులు "ఆ చెల్లింపు ఏమైంది, ఏమైంది" అని పాత లావాదేవీల గురించి కూడా పదేపదే ఆరా తీస్తూ కబుర్లు గుప్పించడంతో వ్యవస్థ మీద భారం పెరిగిందని ఎన్‌పీసీఐ తర్వాత చెప్పింది. అంటే తేలని చెల్లింపుల గురించి యంత్రాలు అడిగే ప్రశ్నలే ఇంకొన్ని చెల్లింపులను తేలకుండా చేశాయన్నమాట. అలాంటి రోజున "ఇంకోసారి కొట్టు" అంటే కొట్టిన ప్రతిసారీ ఒక కొత్త చెల్లింపు పుడుతుంది. మొదటిది రద్దు కాదు. ఇది బాగా గుర్తుంచుకోవాలి.

పన్నెండు అంకెల నంబరు చూడండి

ఇక ఇంటికొచ్చిన రైతు చేయాల్సిన మొదటి పని కంగారుపడటం కాదు, రెండు నంబర్లు రాసుకోవడం. యూపీఐలో ప్రతి చెల్లింపుకూ పన్నెండు అంకెల నంబరు ఒకటి ఉంటుంది. కొన్ని యాప్‌లలో దీన్ని UTR అంటారు, కొన్నింటిలో RRN అనో UPI Ref No. అనో ఉంటుంది. పేరు ఏదైనా అంకెలు పన్నెండే. యాప్‌లో పాత చెల్లింపుల జాబితా తెరిచి ఆ చెల్లింపు మీద నొక్కితే కనిపిస్తుంది. బ్యాంకు మెసేజీలోనూ, పాసుపుస్తకం ముద్రణలోనూ అదే నంబరు వస్తుంది. మన ఉదాహరణలో పాసుపుస్తకంలో ఇలా ఉందనుకోండి. మధ్య అంకెలను X గుర్తులతో కప్పాం.

```
12-06-2025  UPI/DR/5163XXXX4417   9,010.00
12-06-2025  UPI/DR/5163XXXX4982   9,010.00
```

చివరి అంకెలు చూడండి. 4417, 4982. నంబర్లు వేరు కాబట్టి ఇవి రెండు వేర్వేరు చెల్లింపులు. రైతు రెండుసార్లు నొక్కాడు, బ్యాంకు రెండుసార్లు తగ్గించింది. ఇందులో బ్యాంకు రాసిన తప్పేమీ లేదు. ఇప్పుడు తేలాల్సింది ఒక్కటే, 4417తో ముగిసే మొదటి డబ్బు దుకాణందారుకు చేరిందా లేదా అని.

అలా కాకుండా రెండు వరుసల్లోనూ ఒకే నంబరు ఉండి, రెండుసార్లు తగ్గించి ఉంటే అది పూర్తిగా బ్యాంకు లెక్కల పొరపాటు. దుకాణందారుకు దీనితో సంబంధమే లేదు. ఇది అరుదు. కానీ జరిగితే నేరుగా బ్యాంకుకే వెళ్లాలి. ఎవరినీ ఆరా తీయాల్సిన పని లేదు, పాసుపుస్తకం కాగితమే సాక్ష్యం.

ఇంకొక సంగతి. ఒక్కోసారి మెసేజీ మాత్రమే రెండుసార్లు వస్తుంది, డబ్బు ఒక్కసారే తగ్గుతుంది. మరోసారి డబ్బు తగ్గి, కొన్ని నిమిషాల్లోనే తిరిగి జమ అవుతుంది, కానీ జమ మెసేజీ రాదు. కాబట్టి మెసేజీలు లెక్కపెట్టి బ్యాంకుకు పరుగెత్తకుండా, ముందు ఖాతా నిల్వ, పాసుపుస్తకం చూసుకోవాలి. ఫోనులో బ్యాంకు యాప్ లేనివారు శాఖలో పాసుపుస్తకం ముద్రించుకోవచ్చు, లేదా బ్యాంకు మిత్ర దగ్గర మినీ స్టేటుమెంటు తీయించుకోవచ్చు.

దుకాణందారును ఏమని అడగాలి?

"నాకు రెండుసార్లు పోయింది, నీకు రెండుసార్లు వచ్చిందా?" అని అడిగితే ఏ దుకాణందారైనా "ఒకటే వచ్చింది బాబాయ్" అంటాడు. అబద్ధం చెప్పాలని కాదు. అతను సౌండుబాక్సు పలికిందాన్ని బట్టి చెబుతాడు. కానీ సౌండుబాక్సు సాక్ష్యం కాదు. దానికీ సిగ్నలు కావాలి. సిగ్నలు పోయిన సమయంలో వచ్చిన డబ్బును అది పలకకపోవచ్చు.

అందుకని నంబరు పెట్టి అడగాలి. "ఈ 4417తో ముగిసే పన్నెండంకెల నంబరు నీ యాప్‌లో ఉందేమో చూడు" అనాలి. చెల్లించినవారి ఖాతాలో ఉన్న నంబరే తీసుకున్నవారి లెక్కలోనూ ఉంటుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. చాలా దుకాణాల గళ్ల బొమ్మలు నేరుగా వాళ్ల బ్యాంకు ఖాతాకు కాక, మధ్యలో ఒక చెల్లింపుల కంపెనీకి కట్టి ఉంటాయి. ఆ కంపెనీ రోజంతా వచ్చిన డబ్బును మొత్తంగా కలిపి దుకాణందారు ఖాతాలో వేస్తుంది. అతని పాసుపుస్తకంలో చూస్తే విడివిడిగా కనిపించదు. అందుకని పాసుపుస్తకం కాకుండా, దుకాణం యాప్‌లో ఆ రోజు జాబితానే చూడమనాలి. అదే రోజు కనిపించకపోతే మర్నాడు పొద్దున ఇంకోసారి చూడమనాలి. ఆలస్యంగా తేలిన చెల్లింపులు అప్పటికి జాబితాలోకి వస్తాయి.

నంబరు దుకాణందారు జాబితాలో ఉంటే డబ్బు అతనికి చేరినట్టే. అప్పుడు తిరిగి ఇవ్వాల్సింది అతనే. బ్యాంకు దృష్టిలో ఆ రెండు చెల్లింపులూ సక్రమమైనవే. ఇక్కడే మనవాళ్లు పొరబడుతున్నారు. డబ్బు దుకాణందారు దగ్గర ఉండగా బ్యాంకు మేనేజరుతో గొడవపడితే ఫలితం ఉండదు. దుకాణందారు తన యాప్‌లో ఆ చెల్లింపు మీదే వాపసు మీట ఉంటే నొక్కవచ్చు, లేదా రైతు ఖాతాకు అంత మొత్తం పంపవచ్చు. మొదటి పద్ధతి మేలు, ఎందుకంటే ఆ వాపసు పాత నంబరుకు ముడిపడి ఉంటుంది, తర్వాత పేచీ రాదు. నగదు ఇస్తే బిల్లు వెనక రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోవడం మంచిది. లేకపోతే వాపసు ఇటు నగదుగానూ, అటు ఖాతాలోనూ రెండుసార్లు వచ్చి ఈసారి దుకాణందారు నష్టపోయే ప్రమాదం ఉంది.

డబ్బు అతనికి చేరకపోతే బ్యాంకుదే బాధ్యత

మన ఉదాహరణలో దుకాణందారు శుక్రవారం పొద్దున జాబితా చూసి "4982 ఉంది, 4417 లేదు" అన్నాడనుకోండి. ఇప్పుడు విషయం బ్యాంకులది. దీనికి రిజర్వు బ్యాంకు స్పష్టమైన గడువు పెట్టింది. 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన ఉత్తర్వు ఇది. ఆ ఏడాది అక్టోబరు 15 నుంచి అమలులోకి వచ్చింది. అన్ని బ్యాంకులూ పాటించాల్సిందే.

దాని ప్రకారం దుకాణానికి యూపీఐ ద్వారా చెల్లించినప్పుడు ఖాతాలో డబ్బు తగ్గి, దుకాణం దగ్గర చెల్లింపు నిర్ధారణ కాకపోతే, చెల్లించిన రోజు కాక ఐదు రోజుల లోపల డబ్బు దానంతట అదే తిరిగి జమ కావాలి. ఐదు రోజులు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున ఖాతాదారుకు పరిహారం ఇవ్వాలి. దుకాణం కాకుండా బంధువుకో, కూలీల మేస్త్రీకో మనిషి నుంచి మనిషికి పంపిన డబ్బయితే గడువు ఇంకా తక్కువ, మర్నాటి వరకే. మర్నాడు దాటితే రోజుకు 100 రూపాయల లెక్క మొదలవుతుంది. ఇవి క్యాలెండరు రోజులు. ఆదివారాలు, పండగలు తీసేయడానికి లేదు.

ఇంకా ముఖ్యమైన మాట, ఈ పరిహారాన్ని బ్యాంకు తనంతట తానే వేయాలి. ఖాతాదారు అడిగేదాకా ఆగకూడదని ఆ ఉత్తర్వులోనే ఉంది. ఈ సంగతి తెలిసిన రైతులు ఎంతమంది ఉన్నారు? అసలు మొత్తం తిరిగి రాగానే సంతోషపడి పరిహారం సంగతి మర్చిపోతున్నారు.

మన రైతు లెక్క చూద్దాం. చెల్లించింది జూన్ 12. ఐదు రోజులు అంటే 17వ తేదీ. ఆలోగా జమ అయితే పరిహారం లేదు. ఒకవేళ 24వ తేదీన జమ అయితే 18 నుంచి 24 వరకు ఏడు రోజుల ఆలస్యం. 9,010 రూపాయలతో పాటు 700 రూపాయలు అదనంగా రావాలి. పోయిన మొత్తం తొమ్మిది వేలైనా తొంభై రూపాయలైనా పరిహారం రోజుకు 100 రూపాయలే.

కానీ ఈ పరిహారం చెల్లింపు విఫలమైనప్పుడు మాత్రమే. రెండు చెల్లింపులూ దుకాణందారుకు చేరి, అతను ఇవ్వడంలో ఆలస్యం చేస్తే రోజుకు వంద లెక్క వర్తించదు. అందుకే ముందు నంబరుతో డబ్బు ఎక్కడుందో తేల్చుకోమన్నది.

శుక్రవారమే బ్యాంకుకు ఎందుకు వెళ్లాలి?

ఐదు రోజుల గడువు ఉంది కదా, ఆగుదాం అనుకోవచ్చు. డబ్బు వరకైతే ఆగవచ్చు. కానీ ఫిర్యాదు మాత్రం అదే రోజు యాప్‌లో పెట్టేయాలి. చెల్లింపు వివరాలు తెరిస్తే కింద సహాయం, ఫిర్యాదు అన్న మీట ఉంటుంది. "డబ్బు తగ్గింది, దుకాణానికి చేరలేదు" అన్న కారణం ఎంచుకోవాలి. ఫిర్యాదు నంబరు వస్తుంది, దాన్ని బిల్లు మీద రాసుకోవాలి. యాప్‌లో చేయడం రాకపోతే యూపీఐ వారి ఉచిత ఫోను నంబరు 1800-120-1740 ఉంది.

ఇక బ్యాంకు శాఖకు వెళ్లాల్సిన పని. మన ఉదాహరణలో జూన్ 14 రెండో శనివారం, 15 ఆదివారం. రెండు రోజులూ బ్యాంకు లేదు. సోమవారం ట్రాక్టరు వాయిదా. ఈ వాయిదాలు యంత్రం ద్వారా నడుస్తాయి కాబట్టి సోమవారం పొద్దున్నే కోసుకోవచ్చు. కాబట్టి శుక్రవారం 13న బ్యాంకుకు వెళ్లడమే దారి. అక్కడ చేయాల్సినవి రెండు. ఒకటి, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వడం. రెండోది, ఎక్కడైనా చేబదులు తెచ్చి 1,500 రూపాయలు ఖాతాలో వేయడం. అప్పుడు నిల్వ 8,080 అవుతుంది, వాయిదా సాఫీగా పోతుంది. "నా తప్పు లేకుండా నేనెందుకు అప్పు తేవాలి?" అంటే న్యాయమైన ప్రశ్నే. కానీ వాయిదా తిరిగిపోయాక ఆ రుసుములు వెనక్కి రాబట్టుకోవడం కంటే ఇది తక్కువ శ్రమ. ఒకవేళ అప్పటికే వాయిదా తిరిగిపోయి ఉంటే, ఆ రుసుము కూడా వాపసు చేయమని ఫిర్యాదులోనే రాయాలి. తర్వాత విడిగా అడిగితే పట్టించుకునే అవకాశం తక్కువ.

నోటితో చెప్పిన ఫిర్యాదుకు లెక్క ఉండదు. అర్జీ చిన్నదిగా, అంకెలతో ఉండాలి. ఈ పద్ధతిలో రాయవచ్చు.

"శ్రీయుత బ్రాంచి మేనేజరు గారికి. నా పొదుపు ఖాతా చివరి నాలుగు అంకెలు ఫలానా. 12-06-2025న నందిగామలో విత్తనాల దుకాణానికి యూపీఐ ద్వారా 9,010 రూపాయలు చెల్లించబోగా రెండుసార్లు తగ్గింది. నంబర్లు ఫలానా, ఫలానా. రెండో చెల్లింపు దుకాణానికి చేరింది. మొదటిది చేరలేదని దుకాణందారు చెప్పారు, ఆయన జాబితా నకలు జతచేశాను. మొదటి మొత్తాన్ని తిరిగి జమ చేయగలరు. గడువు 17-06-2025 దాటితే రిజర్వు బ్యాంకు 20-09-2019 ఉత్తర్వు ప్రకారం రోజుకు 100 రూపాయల పరిహారం కూడా జమ చేయగలరు."

రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకుని దగ్గర ఉంచుకోవాలి. ముద్ర వేయడానికి గుమస్తా తటపటాయిస్తే ఫిర్యాదు నంబరైనా ఇమ్మని అడగండి. దుకాణందారు జాబితా నకలు అంటే అతని ఫోను తెర ఫొటో చాలు. జూన్ 12 నాటి చెల్లింపులన్నీ కనిపించేలా తీయించుకుంటే మంచిది.

దుకాణందారు "రాలేదు" అంటూ, బ్యాంకు "అవతల జమ అయ్యింది" అంటూ చెబితే? ఇలా జరుగుతూనే ఉంటుంది. అప్పుడు బ్యాంకును ఒకటే కోరాలి, ఆ చెల్లింపు మీద వివాదం నమోదు చేయమని. బ్యాంకుల మధ్య దీనికి ఏర్పాటు ఉంది. మన బ్యాంకు వివాదం పెడితే అవతలి బ్యాంకు జమ చేసినట్టు రుజువు చూపాలి, లేదంటే డబ్బు వెనక్కి పంపాలి. రైతు నేరుగా దుకాణందారు బ్యాంకుకు వెళ్లి అడిగితే వాళ్లు చెప్పరు. అది ఇంకొకరి ఖాతా వివరం.

కార్డు గీకినప్పుడు, కరెంటు బిల్లు కట్టినప్పుడు

ఎరువుల దుకాణంలో కిసాన్ క్రెడిట్ కార్డు గీకినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. చీటీ రాలేదని ఇంకోసారి గీకుతారు. గడువు ఇక్కడా ఐదు రోజులే, పరిహారం రోజుకు 100 రూపాయలే. కానీ ఒక తేడా ఉంది. ఇది పొదుపు ఖాతా కాదు, అప్పు ఖాతా. రెండోసారి తగ్గిన మొత్తం ఆ రోజు నుంచే అప్పుగా పెరుగుతుంది, దాని మీద వడ్డీ నడుస్తుంది. 9,010 రూపాయలకు ఏడు శాతం చొప్పున 12 రోజులకు సుమారు 21 రూపాయలు. చిన్న మొత్తమే కావచ్చు, కానీ ఎరువుల బిల్లు నలభై యాభై వేలైతే చిన్నది కాదు. అందుకని అర్జీలో "తగ్గిన తేదీ నుంచే లెక్క వచ్చేలా జమ చేయగలరు" అన్న వాక్యం తప్పక రాయాలి. బ్యాంకు వాళ్లకు ఈ మాట అర్థమవుతుంది. జమ అయిన రోజు నుంచి లెక్క వేస్తే ఆ వడ్డీ రైతు మీదే పడుతుంది.

ఇంటి కరెంటు బిల్లు రెండుసార్లు పడితే సాధారణంగా భయం లేదు. రెండో మొత్తం ఆ సర్వీసు నంబరు మీదే ముందస్తు జమగా నిలిచి తర్వాతి బిల్లులో తగ్గుతుంది. సర్వీసు నంబరు తప్పు కొట్టి ఉంటే మాత్రం వెంటనే విద్యుత్తు కార్యాలయంలో రాసివ్వాలి.

సహాయం పేరుతో వచ్చే మోసం

డబ్బు పోయిన మనిషి ముందు చేసే పని ఫోనులో బ్యాంకు నంబరు వెతకడం. మోసగాళ్లు కాచుకుని ఉండేది అక్కడే. వెతుకులాటలో పైన కనిపించే నంబరు బ్యాంకుది కాకపోవచ్చు. నంబరును పాసుపుస్తకం మీద, కార్డు వెనక చూసుకోవాలి. "మీ వాపసు వచ్చింది, పిన్ను నొక్కండి" అంటే అది మోసమే. డబ్బు రావడానికి పిన్ను అవసరం లేదు, పోవడానికే కావాలి. ఫోను తెర వాళ్లకు కనిపించేలా ఏదో యాప్ వేసుకోమన్నా వినవద్దు. అలా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి.

దీనికి తిరగేసిన మోసం కూడా ఉంది. "నీ నంబరుకు పొరపాటున రెండుసార్లు పంపాను, ఒకటి తిప్పి పంపు అన్నా" అని ఎవరో ఫోను చేస్తారు. చూపించే మెసేజీ నకిలీది. ముందు ఖాతా నిల్వ చూసుకోండి. నిజంగానే పడి ఉంటే "మీ బ్యాంకు ద్వారా అడగండి" అని చెప్పడమే ఇద్దరికీ క్షేమం.

బ్యాంకు వినకపోతే

అర్జీ ఇచ్చిన 30 రోజుల్లో బ్యాంకు జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. 2021 నవంబరు 12 నుంచి దేశమంతటికీ ఒకటే పద్ధతి. ఏ బ్యాంకు ఏ కార్యాలయం కిందకు వస్తుందో వెతుక్కోనక్కర్లేదు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఇవ్వకుండా నేరుగా ఇక్కడికి రాస్తే మాత్రం తోసిపుచ్చుతారు. ముద్ర వేయించుకున్న ప్రతి ఇక్కడ పనికొస్తుంది. 30 రోజులు నిండాక నెలల తరబడి ఊరుకోకూడదు, వెంటనే పంపాలి.

గ్రామీణ బ్యాంకు ఖాతాదారులకు ఒక గమనిక. మన ప్రాంతంలో పనిచేసిన సప్తగిరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది. పాసుపుస్తకం మీద పాత పేరే ఉన్నా ఫిర్యాదులో కొత్త పేరు రాయాలి.

ఫోనులో అయితే cms.rbi.org.in లో నింపవచ్చు. సందేహాలకు 14448 నంబరు ఉంది. కాగితం మీద రాసేవారు రిజర్వు బ్యాంకు, ఫిర్యాదుల స్వీకరణ కేంద్రం, సెక్టార్ 17, చండీగఢ్ 160017 చిరునామాకు రిజిస్టరు పోస్టులో పంపాలి. దానికి పాసుపుస్తకం పేజీ నకలు, బ్యాంకు ముద్ర ఉన్న అర్జీ నకలు, బ్యాంకు జవాబు ఇచ్చి ఉంటే దాని నకలు, విత్తనాల బిల్లు జతచేయాలి. అసలు కాగితాలు పంపవద్దు. విత్తనాల బిల్లు అసలుది ఎలాగూ పంట చేతికొచ్చేదాకా దాచుకోవాల్సిందే, మొలక సరిగా రాకపోతే అదే కావాలి.